రాములన్న ఇచ్చిన అడ్వాన్సు

ఇస్రాయేలు మేస్త్రికి ఎంత ఎత్తయినా భయం లేదు. మూడంతస్తుల మీద గోడ అంచున చెప్పుల్లేకుండా నిలబడి తాపీ తిప్పమంటే తిప్పుతాడు. ఎండకు వెరవడు, వానకు వెరవడు. ఆయన కట్టిన గోడకు తూకం దారం వేలాడదీస్తే దారానికీ గోడకూ మధ్య చీమ కూడా దూరదని వీపనగండ్లలో చెప్పుకుంటారు. అట్లాంటి మనిషి ఒక్క మాట వింటే మాత్రం ముడుచుకుపోయేవాడు. ఆ మాట అడ్వాన్సు.

నవ్వకండి, దానికి కారణముంది. ఇస్రాయేలు తండ్రి మాసయ్య ప్రతి ఏడాదీ దసరా వెళ్ళగానే కూలీలను వలస పనులకు తోలుకెళ్ళే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకునేవాడు. ఆ డబ్బుతో పాత అప్పు కట్టి, ఇంట్లో నాలుగు గింజలు పోసి, పెళ్ళాం పిల్లలతో సహా లారీ ఎక్కేవాడు. ఎక్కడో కాలువ తవ్వకం, ఇంకెక్కడో ఆనకట్ట. అక్కడ తిన్న జొన్నలకింత, జ్వరమొస్తే వేయించుకున్న సూదికింత అని అడ్వాన్సు మీద అడ్వాన్సు ఎక్కేదే తప్ప దిగిన పాపాన పోలేదు. మధ్యలో వదిలి వస్తానంటే రానివ్వరు. ఇస్రాయేలు చిన్నతనమంతా తాటిపత్రి పట్టా కప్పిన గుడిసెల్లోనే గడిచింది. మాసయ్య చనిపోయిన రోజున కూడా గుంపు మేస్త్రి వచ్చి, పూల దండ వేసి, కొడుకును పక్కకు పిలిచి బాకీ సంగతి ఎత్తాడు. ఆ బాకీ తీర్చడానికి ఇస్రాయేలు ఇంకా కొన్నేళ్ళు లారీ ఎక్కాడు. అది తీరిన నాడు చర్చి మెట్ల మీద కూర్చుని, బతికుండగా ఎవరి అడ్వాన్సూ ముట్టనని దేవుడికి మాటిచ్చాడు.

ఆ మాటను ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, సొంతంగా ఇళ్ళు కట్టే మేస్త్రి అయ్యాక కూడా వదల్లేదు. సిమెంటూ ఇనుమూ ఇటుకా ఇంటివాళ్ళవి, పని మాత్రం ఈయనది. అడుగుకింత అని లెక్క. వేరే మేస్త్రీలు ముగ్గు పోసేనాడే ఇంత తీసుకుని పనిలోకి దిగుతారు. ఈయనేమో, "ముందల పని సూడు అన్నా, పైసలు యాడికి పోతయ్" అనేవాడు. ఇంటివాళ్ళకు ఇంతకంటే తియ్యని మాట ఉంటుందా! అందరూ ఈయననే పిలిచేవాళ్ళు. పనివాళ్ళకు వారం వారం కూలి మాత్రం ఆగదు కదా. అది ఈయన అప్పు తెచ్చి కట్టేవాడు.

ఖిల్లా ఘణపూర్‌లో ఒకాయన ఇల్లు కట్టినప్పుడు ఆ మంచితనానికి తగిన శాస్తి జరిగింది. స్లాబయ్యాక ఇస్తా అన్నాడు, ప్లాస్టరింగ్ అయ్యాక అన్నాడు, గృహప్రవేశం కానీ అన్నాడు. గృహప్రవేశానికి గుంపంతటినీ పిలిచి, మటన్ పెట్టి, ఇస్రాయేలు భుజం మీద కండువా కూడా కప్పాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంటికి వెళ్తే ఊళ్ళో లేడంటారు. ఇంకేం చేస్తాం? కట్టిన గోడను ఊడబెరికి తెచ్చుకోలేం. ఇస్రాయేలు భార్య జమ్ములమ్మ చెవుల కమ్మలు వనపర్తిలో కుదువకు వెళ్ళి, గుంపులో తట్టలు మోసే తిరుపతమ్మకూ మిగతా పనివాళ్ళకూ కూలి చాలావరకు అయింది. అయినా తిరుపతమ్మ బాకీ ఇంకా కొంత మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఈరన్న వచ్చాడు. ఈరన్న గుంపు మేస్త్రి. వెనకటి మేస్త్రి కొడుకే, తండ్రి లాగే తియ్యగా మాట్లాడతాడు.

"పూణెల పెద్ద పని వడ్డది ఇస్రాయేలూ. ఆలుమగలు ఇద్దరొస్తె మంచి అడ్వాన్సిస్త. నీ బాకీలన్ని ఒక్క దెబ్బకు పోతయ్. పల్లికాయ తీసినంక బండి పెడ్త, సోచాయించుకో" అన్నాడు.

ఇస్రాయేలు అవుననలేదు, కాదనలేదు. ఈరన్న వెళ్ళాక గుమ్మంలో కూర్చుని వేళ్ళ మీద బాకీలు లెక్కపెట్టుకున్నాడు.

జమ్ములమ్మది గద్వాల పక్క పల్లె. మాట కరుకు, మనసు వెన్న. పెళ్ళయిన కొత్తలో తాటిపత్రి గుడిసెలో మూడు రాళ్ళ మీద వండిన మనిషి. మొదటి బిడ్డ పోయింది కూడా అట్లాంటి గుడిసెలోనే, దవాఖాన దూరమై. ఆమె వచ్చి మొగుడి పక్కన కూర్చుంది.

"నేను పోను" అంది.

"నేను పోదమన్ననా?"

"నోటితోని అనలే. నీ మొగం అంటుంది."

"మరి ఏం జెయ్యాలె జమ్ములూ? తిరుపతమ్మకు కూలి బాకీ. నీ కమ్మలు ఆడ వడ్డయి. ఇంకొక్క ఇల్లు గిట్లనే మునిగిందంటె మనం ఈరన్న బండెక్కుడే."

"ఇల్లు ఎందుకు మునుగుతది? నువ్వు ముంచుకుంటున్నవ్. రాములన్న ఇల్లు కట్టమంటుండు గద. ఈసారి పైసలు ముందల తీస్కో."

ఇస్రాయేలు ఉలిక్కిపడ్డాడు. "అడ్వాన్సా? నీకు తెల్సు గదనే. దేవునికి మాటిచ్చిన."

"దేవునికి నీ అసొంటి పిచ్చోడు దొరుకుతడా!" అని జమ్ములమ్మ నుదురు కొట్టుకుంది. "జర దిమాక్ పెట్టి సూడు. మామ తీస్కున్న అడ్వాన్సు దేనికి? మామను కట్టేసుకోనీకి. పని ఇడిసిపెట్టి పోకుండ. ఇల్లు కట్టిచ్చుకునేటోడు ఇచ్చే అడ్వాన్సు ఎందుకు? పని అయినంక వాడు మొగం దాసుకోకుండ. గా తాడు మన కాలికి, గీ తాడు వాని కాలికి. రెంటికి ఒకటే పేరుంటె అయిపాయెనా?"

ఇస్రాయేలు ఆమెను ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఎందుకు చెప్పలేదే నువ్వు అని అడగబోయి ఆగాడు. చెప్పే ఉంటుంది. తనే చెవిన పెట్టి ఉండడు.

మర్నాడు ఇద్దరూ రాములు ఇంటికి వెళ్ళారు. రాములుకు ఊరి బయట ఎర్ర చెలకలో వేరుశనగ, పాత రేకుల ఇల్లు, పట్టణంలో చదివే కూతురు. బ్యాంకు లోను పాసయింది, ఇక ముగ్గు పోయడమే ఆలస్యం. ఆయన భార్య యాదమ్మ చాయ్ పెట్టింది. చాయ్ అయిపోయింది, గ్లాసులు ఎండిపోయాయి, ఇస్రాయేలు నోరు మాత్రం పెగలలేదు. జమ్ములమ్మ మోచేత్తో పొడిచింది. లాభం లేక తనే మొదలుపెట్టింది.

"అన్నా, ఈపారి జర పద్ధతిగ అనుకుందం. ముగ్గు పోసెటప్పుడు ఇంత అడ్వాన్స్ ఇయ్యుర్రి. బేస్‌మెంట్ అయితె ఇంత, దర్వాజల పైన లింటెల్ పడ్డంక ఇంత. స్లాబు పొయ్యక ముందల ఇంత, ప్లాస్టరింగ్ అయినంక ఇంత. తాళంచెవి మీ చేతికొచ్చిన్నాడు ఆఖరుది."

రాములు ముఖం మాడిపోయింది. "ఒక్క ఊర్లె ఉన్నోల్లం. నన్ను నమ్మవా ఇస్రాయేలూ?"

ఇస్రాయేలు లేచిపోదామా అన్నట్టు కదిలాడు. యాదమ్మ అడ్డం వచ్చింది. "ఏమయ్యా, నిన్న బ్యాంకు సారు ఏమన్నడు నీతోని? ముందల నీ పైసలతోని బేస్‌మెంట్ కట్టు, నేనొచ్చి సూస్త, అప్పుడు కొంత ఇస్త, స్లాబు అయినంక మల్లొచ్చి సూస్త, ఇంకింత ఇస్త అన్లేదా? గంత పెద్ద బ్యాంకుకే మన మీద నమ్మకం లేదు. సారుకు దండం పెట్టొస్తివి. మేస్త్రి అడిగితె రోషమొచ్చిందా?"

జమ్ములమ్మకు ఆ క్షణంలో యాదమ్మను కావలించుకోవాలనిపించింది. "మీకు గూడ భయముంటది అక్కా, పైసలు తీస్కొని మేస్త్రి పారిపోతడని. అందుకే ఆఖరుది మీ చేతులనే పెడ్తున్నం. ఎంత పని అయితే అంతకే పైసలు. మీరు మునగొద్దు, మేం మునగొద్దు" అంది.

రాములు కాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత నవ్వేశాడు. అనుకున్నదంతా కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ముగ్గు పోసిన పొద్దున రాములు డబ్బు తెచ్చి ఇస్రాయేలు చేతిలో పెట్టాడు. అది చొక్కా జేబులో పెట్టుకోలేక ఇస్రాయేలు జమ్ములమ్మ కొంగులో వేశాడు. ఆ డబ్బుతోనే ఆమె తిరుపతమ్మ పాత బాకీ తీర్చింది, కొత్త వారం కూలి పక్కన పెట్టింది. ఇక ఈయన చేసిన పని చూడాలి! పొద్దు పొడవకముందే పునాదిలో ఉండేవాడు. తిరుపతమ్మ తట్ట దించి నడుం పట్టుకుంటే, "జల్ది కానీయమ్మా, జల్ది" అని తొందరపెట్టేవాడు. యాదమ్మ చాయ్ తెస్తే తాగడానికి కూర్చునేవాడు కాదు. బాకీ ఉన్నవాడు కూర్చుని చాయ్ ఎట్లా తాగుతాడు మరి! ఒకరోజు రాములు గట్టు మీద ఊరికే నిలబడి చూస్తుంటే, వెంటనే దగ్గరికి వెళ్ళి, "రేపు పండుగ ఉంది అన్నా, ఒక్క పూట పోయొస్త" అని సెలవడిగాడు. రాములు తెల్లబోయాడు. "నన్నెందుకు అడుగుతున్నవ్? నీ ఇష్టమే" అన్నాడు.

ఆ మాట విని ఇస్రాయేలు ఎత్తిన పార దించేశాడు. మాసయ్యకు కన్నతల్లి చావుకు కూడా సెలవు దొరకలేదు.

బేస్‌మెంట్ అయిపోయిన రోజు ఇంటికొచ్చి లెక్క చూసుకున్నారు. చేసిన పనిలోంచి తీసుకున్న అడ్వాన్సు తీసేస్తే, రాములు ఇంకా ఇవ్వవలసిందే ఉంది. ఇచ్చాడు కూడా, అదే సాయంత్రం.

"అంటె అడ్వాన్స్ తీరిపోయిందా?" అడిగాడు ఇస్రాయేలు.

"తీరకేం జేస్తది?"

"మొత్తమా?"

"మొత్తమే."

పెద్దమనిషి కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చేసిన పనితోనే తీరిపోయిన అడ్వాన్సును ఆయన చూడటం అదే మొదటిసారి. జమ్ములమ్మ వీపు నిమురుతూ కూర్చుంది.

గోడలు లేచాయి. బ్యాంకు సారు వచ్చి బేస్‌మెంట్ ఫొటోలు తీసుకుని వెళ్ళాడు, రాములు ఖాతాలో డబ్బు పడింది. లింటెల్ కూడా పడింది. ఆ వారం రాములు పని దగ్గరికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "చేన్ల ఉన్న మేస్త్రి" అంటాడు. యాదమ్మ చాయ్ తెచ్చి, కళ్ళు కలపకుండా పెట్టి వెళ్తోంది. ఇస్రాయేలుకు ఖిల్లా ఘణపూర్ గృహప్రవేశం మటన్ గుర్తొచ్చింది.

అడిగితే యాదమ్మే బయటపెట్టింది. పాత బోరులో నీళ్ళు తగ్గాయి, వేరుశనగ వాడిపోతోంది. గోడల కోసం బ్యాంకు ఇచ్చిన డబ్బుకు ఇంకొంత అప్పు కలిపి రాములు కొత్త బోరు వేయించాడు. ఎంత లోతుకు పోయినా తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీళ్ళు రాలేదు. "లింటెల్ పైసలు బోరు బొందలనే పోయినయి మేస్త్రీ" అని ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆ సాయంత్రం రాములే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. "ఇస్రాయేలూ, ఒక్క సాయం జెయ్యి. ఎట్లనో స్లాబు పోసెయ్. స్లాబు పడ్డదంటె బ్యాంకోడు వచ్చి పెద్ద ముక్క ఇస్తడు. లింటెల్‌ది, స్లాబుది అంత ఒక్కసారే ఇచ్చేస్త. నా బిడ్డ మీద ఒట్టు."

ఆ ఒట్టులో మోసమేమీ లేదు, అది ఇస్రాయేలుకు తెలుసు. కాని స్లాబంటే మాటలా! స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ రేకులూ కర్రలూ కిరాయికి తేవాలి. ఇనుము కట్టేవాళ్ళు, కాంక్రీటు కలిపే మిల్లర్, లిఫ్టు, ఒక్క రోజుకు రెండింతల జనం, అందరికీ సాయంత్రానికల్లా కూలి. ఇల్లు మొత్తంలో మేస్త్రి చేతి నుంచి ఎక్కువ పోయేది అక్కడే. రాములుకు ఇంకో అప్పులవాడు తగిలితేనో, బ్యాంకువాడు ఇంకో కాగితం అడిగితేనో, ఆ బరువంతా ఈయన మీదే. అప్పుడు ఈరన్న బండి తప్పదు.

ఇస్రాయేలు జమ్ములమ్మ వైపు చూశాడు. ఆమె బియ్యం చేటలోంచి తల ఎత్తలేదు. ఈసారి ఆమె మాట్లాడదలుచుకోలేదు. మాట్లాడితే అది ఆమె మాట అవుతుంది, రేపు ఇంకో ఇంటి దగ్గర ఈయన మళ్ళీ కరిగిపోతాడు. కాని ఆ చేటలోని బియ్యం ఎప్పుడో శుభ్రమైపోయింది, వేళ్ళు ఊరికే తిరుగుతున్నాయి.

"అన్నా" అన్నాడు ఇస్రాయేలు. "పని ఆపుతున్న."

రాములు నమ్మలేనట్టు చూశాడు.

"నీ మీద కోపం లేదన్నా. బోరు ఎండితె నీ కడుపు ఎట్ల కాలిందో నాకు తెల్వదా? కానీ స్లాబు పైసలు నేను తెచ్చి పోస్తె, నువ్వు జర తడబడ్డా మేమిద్దరం పూణె పోవాలె. మా నాయిన ఒకని అడ్వాన్స్‌ల పుట్టి గదే అడ్వాన్స్‌ల పోయిండు. నా మొదటి పిల్లను కాలువ గట్టు మీద పెట్టొచ్చినం. మల్ల గా బతుకుకు నేను పోలేనన్నా. లింటెల్ వరకు ఇయ్యాల్సింది నీకు వీలైనప్పుడు తే, స్లాబుది సగం తే. పైసలు నా చేతికొచ్చిన మర్నాడు గుంపంత నీ ఇంటి మీదనే ఉంటది."

"ఊర్లె నా ఇల్లు మొండిగోడలతోని నిలవడాలె నా?"

"నిలవడ్తది. పడదు. నేను కట్టిన గోడ పడదన్నా."

రాములు విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ఇస్రాయేలు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. డబ్బు దగ్గర ఒక మనిషికి కాదని చెప్పడం ఆయనకు అదే మొదటిసారి. జమ్ములమ్మ చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన తాగుతుంటే తదేకంగా చూస్తూ, "నా మొగడు మాట్లాడ నేర్సిండు" అంది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

వనపర్తిలో నవీన్ అనే కుర్రాడి దుకాణానికి ప్రహరీ గోడ పని దొరికింది, అడ్వాన్సు చేతికొచ్చాకే ఇస్రాయేలు తన గుంపును అక్కడికి మార్చాడు. కూలి ఎవరికీ ఆగలేదు. అయితే ఒక సంగతి ఇస్రాయేలు కాగితంలో రాసుకోలేదు, జమ్ములమ్మకు చెప్పలేదు కూడా. వనపర్తి నుంచి వచ్చేటప్పుడు సాయంత్రం పూట రాములు ఇంటి దగ్గర బండి ఆపి, కొత్త గోడలకు పైపు పెట్టి నీళ్ళు పట్టేవాడు. తడి ఆరితే కొత్త గోడ బీటలు వారుతుంది మరి. పని ఆపింది డబ్బు మీద, గోడ మీద కాదు. ఒకరోజు రాములు చూడనే చూశాడు. దగ్గరికి రాకుండా, మోటార్ స్విచ్ దగ్గర నిలబడి నీళ్ళు ఆగిపోకుండా చూసి వెళ్ళాడు. జమ్ములమ్మకు అది మొదటి రోజే తెలుసు. రోజూ తడిసొచ్చే ప్యాంటును ఉతికేది ఆమే కదా.

వేరుశనగ సగమే వచ్చింది. ఆ సగం వనపర్తి మార్కెట్‌లో అమ్మి, బోరు అప్పు తీర్చి, రాములు అటునుంచి నేరుగా ఇస్రాయేలు గుమ్మంలోకి వచ్చాడు. లింటెల్ డబ్బూ, స్లాబుకు సగమూ పెట్టాడు.

"మిగిలిన సగం..." అని నసిగాడు.

"స్లాబు పడ్డంక బ్యాంకోడు ఇస్తడు గద" అంది జమ్ములమ్మ. "స్లాబు కింద కర్రలు ఎట్లన్న రెండు వారాలు తియ్యొద్దు. కర్రలు తీసెలోపు తెచ్చియ్యి అన్నా. అందాక ఆ కర్రలు మీ ఇల్లును మోస్తయి, మా పైసలను గూడ మోస్తయి."

రాములు పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు పాపం. "ఆ రోజు నువ్వు నాకు స్లాబు పోసిచ్చి ఉంటె, బ్యాంకు పైసలు బోరు అప్పులోల్లు గుంజుకపోయేటోల్లు మేస్త్రీ. అప్పుడు నేను గూడ నిన్ను సూసి మొగం దాసుకునేటోన్ని. నా మర్యాద నిలవెట్టినవ్" అన్నాడు.

స్లాబు పోసే రోజు ఆ సందంతా జాతరే. మిల్లర్ గుర్రుమంటోంది, లిఫ్టు ఎక్కి దిగుతోంది, తిరుపతమ్మ అందరి మీదా అరుస్తోంది, యాదమ్మ పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. ఇస్రాయేలు పైన చీలమండల దాకా కాంక్రీటులో నిలబడి, అది చదునయ్యేటట్టు పలక కొడుతున్నాడు.

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో బండి ఆగింది. కిటికీల నిండా మూటలు, బిందెలు, నిద్రమొహాల పిల్లలు. ముందు సీట్లోంచి ఈరన్న తల బయట పెట్టాడు. జమ్ములమ్మ తల మీద తట్టతోనే నిలిచిపోయింది. ఆమె చూపు ఆ పిల్లల మీద పడింది.

"ఇస్రాయేలూ! రెండు సీట్లు ఉంచిన నీకు. అడ్వాన్స్ జేబులనే ఉంది, దిగిరా!" అని కేక వేశాడు ఈరన్న.

"నేను వేరే తీస్కున్న ఈరన్నా!" పైనుంచి అరిచాడు ఇస్రాయేలు. "రాములన్న అడ్వాన్స్!"

ఈరన్నకు నవ్వొచ్చింది. "అడ్వాన్స్ ముట్టనంటివి గద! ఎన్నాల్లకు కట్టుబడ్డవ్ మరి?"

ఇస్రాయేలు పలక నిలబెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి, సందంతా వినబడేటట్టు చెప్పాడు.

"నేను గాదు ఈరన్నా. ఆయన కట్టుబడ్డడు!"

కింద ఇసుక కుప్ప దగ్గర నిలబడ్డ రాములు, "అవునవును, నేనే!" అని చెయ్యెత్తాడు. బండి కాసేపు గుర్రుమని కదిలి వెళ్ళిపోయింది. జమ్ములమ్మ అది మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ముఖం తుడుచుకుని, తట్ట సర్దుకుని, పైకి చూసి కసిరింది.

"మాటలు సాలు గని పలక కొట్టు, మాల్ గట్టివడ్తది!"

ఇస్రాయేలు నవ్వుతూ వంగి మళ్ళీ పలక అందుకున్నాడు.